‘ఎల్లప్పుడూ’ కనబడగానే తప్పు అని పెట్టేయవచ్చా?

*మాస్టారూ, సైన్సు పరీక్షలో తప్పొప్పుల ప్రశ్నల్లో ‘ఎల్లప్పుడూ’, ‘ఎన్నడూ’, ‘అన్నీ’ లాంటి మాట కనిపిస్తే ఇంకేమీ చూడకుండా తప్పు అని పెట్టేయమని మా సీనియర్ అక్క చెప్పింది. ఈసారి అలాగే చేశాను. ‘నీరు ఎల్లప్పుడూ 100 డిగ్రీల సెల్సియస్ వద్దే మరుగుతుంది’ అన్నదానికి మార్కు వచ్చింది. కానీ ‘ఒక మూలకపు పరమాణువులన్నింటిలో ప్రోటాన్ల సంఖ్య ఎల్లప్పుడూ సమానం’, ‘మూసిన పాత్రలో రసాయన చర్య జరిగితే మొత్తం ద్రవ్యరాశి ఎన్నడూ మారదు’ అన్న రెండూ పోయాయి. ఆ చిట్కా నిజమా, కాదా? నిజమైతే ఎందుకు పని చేస్తుంది?*
*— పదో తరగతి విద్యార్థిని*

అమ్మా, మార్కు వచ్చిన ప్రశ్న దగ్గరే మొదలుపెడదాం. అది ఎందుకు తప్పో నీకు తెలిస్తే, పోయిన రెండూ ఎందుకు ఒప్పో సగం తెలిసిపోయినట్టే.

నీళ్ళు మరగడమంటే ఏమిటి? వేడెక్కుతున్న నీటి లోపల ఆవిరి బుడగలు పుట్టాలని చూస్తుంటాయి. బుడగ నిలబడాలంటే లోపలి ఆవిరి బయటికి నెట్టే ఒత్తిడి, పైనుంచి గాలి అదిమే ఒత్తిడికి సమానం కావాలి. లోపలి ఒత్తిడి తక్కువగా ఉన్నంతసేపూ బుడగ పుట్టగానే నలిగిపోతుంది. నీటి ఆవిరి పీడనం 25 డిగ్రీల దగ్గర సుమారు 24 మిల్లీమీటర్ల పాదరసం ఎత్తుకు సమానం. 80 డిగ్రీల దగ్గర 355. 100 డిగ్రీల దగ్గర 760. సముద్రమట్టం దగ్గర గాలి పీడనం కూడా 760 కాబట్టి అక్కడ నీళ్ళు 100 దగ్గర మరుగుతాయి. అంటే 100 అన్న అంకె నీటి ఒక్కదానిదే కాదు, నీరూ గాలీ కలిసి తేల్చిన అంకె. గాలి ఒత్తిడి మారితే ఆ అంకె కూడా మారుతుంది. ఎవరెస్టు శిఖరం మీద గాలి పీడనం ఇక్కడి దాంట్లో మూడో వంతే ఉంటుంది. అక్కడ నీళ్ళు 71 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. ప్రెషర్ కుక్కర్లో మామూలు గాలికి రెట్టింపు ఒత్తిడి ఉంటే 120 డిగ్రీలు దాటితేగాని మరగవు.

దీన్ని కళ్ళారా చూపించే ప్రయోగం ఒకటుంది. నేను బడిలో పాఠం చెప్పిన రోజుల్లో ఏటా చేసేవాణ్ణి. గుండ్రటి అడుగున్న మందపాటి గాజు ఫ్లాస్కులో సగం దాకా నీళ్ళు పోసి బాగా మరిగిస్తాం. ఆవిరి లోపలి గాలినంతా బయటికి తోసేశాక దీపం తీసేసి, బిరడా గట్టిగా బిగించి, ఫ్లాస్కును తలకిందులుగా నిలబెడతాం. నీళ్ళు మరగడం ఆగిపోతుంది. అప్పుడు పైనుంచి ఫ్లాస్కు మీద చన్నీళ్ళు పోస్తే లోపల నీళ్ళు మళ్ళీ తెర్లుతాయి. చన్నీళ్ళకు లోపలి ఆవిరి చల్లబడి నీరైపోతుంది, లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది, అందుకని చల్లారుతున్న నీళ్ళే మళ్ళీ మరుగుతాయి. ఇంకోసారి పోస్తే ఇంకోసారి తెర్లుతాయి. నువ్వు మాత్రం టీచర్ లేకుండా చేయకు, ఫ్లాస్కు పలచనైతే పగిలే ప్రమాదం ఉంది.

ఆ ఫ్లాస్కు ఒక్కటి చాలు, ‘నీరు ఎల్లప్పుడూ 100 డిగ్రీల వద్దే మరుగుతుంది’ అన్న వాక్యం కూలిపోవడానికి. వెయ్యి వంటిళ్ళలో వెయ్యిసార్లు 100 దగ్గర మరిగిందని ఎవరైనా సాక్ష్యం తెచ్చినా లాభం లేదు. ‘ఎల్లప్పుడూ’ అన్న వాక్యం నిలబడాలంటే ప్రపంచంలోని ప్రతి సందర్భంలోనూ గెలవాలి, ఓడడానికి ఒక్క సందర్భం చాలు. ‘నీరు 100 కంటే తక్కువ ఉష్ణోగ్రత వద్ద కూడా మరగవచ్చు’ అన్న వాక్యం సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. దానికి ఒక్క ఫ్లాస్కు చూపిస్తే ఒప్పయిపోతుంది. అందుకే ‘వచ్చు’, ‘కొన్ని’, ‘సాధారణంగా’ ఉన్న వాక్యాలు ఎక్కువగా ఒప్పు అవుతుంటాయి. ఈ లెక్క మీ అక్క చిట్కాలో సగం. మిగతా సగం ప్రశ్న తయారుచేసేవాళ్ళ చేతిలో ఉంది.

నేనూ ఎన్నో ప్రశ్నపత్రాలు రాశాను కాబట్టి ఆ పని ఎలా జరుగుతుందో చెబుతాను. తప్పు వాక్యం రాయడం ఒప్పు వాక్యం రాయడం కంటే కష్టం. మరీ అసంబద్ధంగా రాస్తే ఎవరూ మోసపోరు. అందుకని పాఠంలోని నిజమైన వాక్యాన్నే తీసుకుంటాం. ‘సాధారణ వాతావరణ పీడనం వద్ద శుద్ధమైన నీరు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది’ అని పాఠంలో ఉంటుంది. అందులోంచి ‘సాధారణ వాతావరణ పీడనం వద్ద’, ‘శుద్ధమైన’ అన్న మాటలు పీకేసి, ఆ ఖాళీలో ‘ఎల్లప్పుడూ’ పెడితే తప్పు వాక్యం తయారు. రెండు నిమిషాల పని. శుద్ధమైన అన్నది కూడా ఊరికే పెట్టిన మాట కాదు. కిలో నీటిలో 58 గ్రాముల ఉప్పు కలిపితే మరిగే ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరుగుతుంది.

కాబట్టి తప్పు వాక్యాల్లో ‘ఎల్లప్పుడూ’ ఎక్కువగా కనిపించడానికి కారణం ఆ మాటలో లేదు. అది కూర్చున్న చోట అంతకుముందు ఒక షరతు ఉండేది, దాన్ని లేపేశారు. నువ్వు వెతకాల్సింది ఆ లేచిపోయిన షరతును. ఏ షరతూ లేచిపోని వాక్యంలో కూడా ‘ఎల్లప్పుడూ’ ఉండవచ్చు. అది ఒప్పు. నీ రెండు మార్కులూ అక్కడే పోయాయి.

ప్రోటాన్ల వాక్యం చూడు. ఏ పరమాణువునైనా ‘ఇది క్లోరిన్’ అని దేన్నిబట్టి అంటున్నాం? కేంద్రకంలో 17 ప్రోటాన్లు ఉన్నాయి కాబట్టి. 18 ఉంటే అది ఆర్గాన్, 16 ఉంటే గంధకం. అంటే ప్రోటాన్ల సంఖ్య సమానంగా ఉండడం క్లోరిన్ పరమాణువులను పరిశీలించి కనుక్కున్న సంగతి కాదు. వాటిని క్లోరిన్ అని పిలవడానికి మనం పెట్టుకున్న కొలబద్దే అది. 17 కాని ప్రోటాన్లున్న క్లోరిన్‌ను వెతకడం నాలుగు భుజాల త్రిభుజాన్ని వెతకడం లాంటిది. నిర్వచనం నుంచి వచ్చే ‘ఎల్లప్పుడూ’ ఇలా ఎప్పటికీ ఒప్పే. అదే వాక్యంలో ప్రోటాన్లకు బదులు న్యూట్రాన్లు అని పెడితే వెంటనే తప్పవుతుంది. క్లోరిన్ పరమాణువుల్లో కొన్నింటికి 18 న్యూట్రాన్లు, కొన్నింటికి 20. మొదటి రకం సుమారు మూడు వంతులు, రెండోది ఒక వంతు కాబట్టే క్లోరిన్ పరమాణు ద్రవ్యరాశి 35.5 అని ముక్కతో సహా వస్తుంది. వాక్యం నిర్మాణం అదే, ‘ఎల్లప్పుడూ’ అదే, మారింది ఒక్క నామవాచకం. మాటను చూసి జవాబు పెట్టేవాళ్ళు ఇక్కడ రెండింటినీ తప్పంటారు, విషయం తెలిసినవాళ్ళు రెండింటినీ విడదీస్తారు.

ద్రవ్యరాశి వాక్యం వేరే రకం. అది నిర్వచనం కాదు, ప్రకృతి నియమం. మళ్ళీ షరతు కోసం చూడు. ‘మూసిన పాత్రలో’ అని ఉంది కదా, షరతును ఎవరూ పీకేయలేదు. ఆ రెండు మాటలూ లేకుండా ‘రసాయన చర్యలో పాత్ర బరువు ఎన్నడూ మారదు’ అని ఉంటే అది తప్పయ్యేది. సుద్దముక్కను ఆమ్లంలో వేస్తే కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి బరువు తగ్గుతుంది. మెగ్నీషియం తీగను గాలిలో కాలిస్తే మిగిలిన బూడిద తీగ కంటే బరువు తూగుతుంది, గాలిలోని ఆక్సిజన్ వచ్చి కలిసింది కాబట్టి. పాత్ర మూసేస్తే పోయేదీ లేదు, వచ్చేదీ లేదు. ఫ్రెంచి శాస్త్రవేత్త లావోయిజియే 18వ శతాబ్దంలో మూసిన పాత్రల్లో లోహాలను వేడి చేసి తూకం వేసి చూపించింది ఇదే.

పై తరగతుల్లో దీని గురించి ఇంకో మాట వింటావు, అది విని ఈ వాక్యం కూడా తప్పేనేమో అని కంగారు పడకు. చర్యలో వేడి బయటికి పోతే ఐన్‌స్టీన్ సమీకరణం ప్రకారం దానితో పాటు రవ్వంత ద్రవ్యరాశి కూడా పోతుంది. 2 గ్రాముల హైడ్రోజన్, 16 గ్రాముల ఆక్సిజన్ కలిసి నీరైతే 286 కిలోజౌళ్ళ శక్తి వెలువడుతుంది. ఆ లెక్కన తగ్గే ద్రవ్యరాశి సుమారు గ్రాములో ముప్పై కోట్లో వంతు. బడిలో ఏ త్రాసుకూ అది అందదు, రసాయన చర్యల స్థాయిలో నియమం నియమమే. పదో తరగతి ప్రశ్నపత్రంలో దానికి ఒప్పు అనే పెట్టాలి. కేంద్రక చర్యల గురించి అడిగినప్పుడు మాత్రం ఆ తేడాను లెక్కలోకి తీసుకోవాలి. అక్కడ అది తూచదగినంత పెద్దది.

ఇక ‘ఎన్నడూ’ సంగతి. ఈ మాట దగ్గర సైన్సు పుస్తకాలే ఒకసారి గట్టిగా దెబ్బతిన్నాయి. ‘జడవాయువులు ఎన్నడూ రసాయన చర్యలో పాల్గొనవు’ అని చాలాకాలం పాఠంగా చెప్పారు. ఆ పేరులోనే ‘జడ’ అని ఉంది చూడు. ఊరికే అనలేదు. 1895లో ఆర్గాన్ అనే జడవాయువు బయటపడగానే, దాన్ని కనుక్కున్నవారిలో ఒకడైన రాంసే కొంత ఆర్గాన్‌ను మోయిసాన్‌కు పంపాడు. ఫ్లోరిన్‌ను మొదట వేరుచేసినవాడు మోయిసాన్. దేన్నైనా పట్టుకు లాగే ఆ ఫ్లోరిన్‌తో ఆర్గాన్‌ను కలిపి చూస్తే ఏమీ జరగలేదు. తర్వాత వేరేవాళ్ళు క్సెనాన్ అనే మరో జడవాయువుతో కూడా ప్రయత్నించి విఫలమయ్యారు. పరమాణువు బయటి కక్ష్య నిండి ఉంటే ఇక దేనితోనూ కలవదని సిద్ధాంతం కూడా తోడైంది. ‘ఇంతవరకు ఎవరూ చూడలేదు’ అన్నది మెల్లగా ‘ఎన్నడూ జరగదు’గా మారిపోయింది.

1962లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో నీల్ బార్ట్‌లెట్ ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ అనే ఎర్రటి ఆవిరితో పని చేస్తున్నాడు. అది ఆక్సిజన్ అణువు నుంచి కూడా ఎలక్ట్రాన్‌ను లాక్కోగలదని అతనికి తేలింది. ఆక్సిజన్ అణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను లాగడానికి ఎంత శక్తి కావాలో పట్టికలో చూసుకుంటే, క్సెనాన్‌కు కూడా దాదాపు అంతే కావాలని కనబడింది. ఒకటి సుమారు 12.1 ఎలక్ట్రాన్ వోల్టులు, రెండోదీ అంతే. దానికి లొంగినప్పుడు దీనికి ఎందుకు లొంగకూడదు? ఎర్ర ఆవిరినీ రంగులేని క్సెనాన్‌నూ కలవనిచ్చాడు. పసుపు రంగు కలిసిన నారింజ ఛాయ ఘనపదార్థం ఏర్పడింది. ఆ ఏడాదిలోనే క్సెనాన్ ఫ్లోరైడ్లు కూడా తయారయ్యాయి. ఇప్పుడు మీ పుస్తకాల్లో వాటిని ఉత్కృష్ట వాయువులు అంటున్నారు, ‘ఎన్నడూ చర్య జరపవు’ అన్న వాక్యానికి జవాబు తప్పు.

ఇలాంటిదే మన పాత తెలుగు పుస్తకాల్లో ఆక్సిజన్‌కు వాడిన ‘ఆమ్లజని’ అన్న పేరు. ఆమ్లాలన్నింటిలోనూ ఆక్సిజన్ ఉండి తీరుతుందని లావోయిజియే నమ్మి పెట్టిన పేరుకు అది తెలుగు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో హైడ్రోజన్, క్లోరిన్ తప్ప ఆక్సిజన్ లేదని 19వ శతాబ్దం మొదట్లో బ్రిటిష్ శాస్త్రవేత్త డేవీ తేల్చాడు. ‘అన్ని’ పోయింది, పేరు మాత్రం మిగిలింది. ద్రవ్యరాశి నియమాన్ని ముందే తూచి చూపించినవాడే ఈ ఆమ్లాల విషయంలో పొరబడడం నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేస్తుంది. మొదటి దాంట్లో తూకం ఉంది, రెండో దాంట్లో తనకు తెలిసిన కొన్ని ఆమ్లాలను చూసి అన్నింటికీ చెప్పేయడం ఉంది.

పరీక్ష తెలుగులో రాస్తున్నావు కాబట్టి ఇంకో చిక్కు కూడా చెప్పాలి. మన భాషలో ఈ సార్వత్రిక మాటలు విడిగా కనబడకుండా ప్రత్యయాల్లో దాక్కుంటాయి. ‘100 డిగ్రీల వద్ద మరుగుతుంది’, ‘100 డిగ్రీల వద్దే మరుగుతుంది’ అన్న రెండు వాక్యాల్లో తేడా ఒక్క ఏత్వం. ఆ ఏత్వం ‘మరెక్కడా కాదు’ అని చెబుతోంది. ‘ఏ లోహమూ’ అన్నప్పుడు చివరి దీర్ఘం ఒక్క లోహాన్ని కూడా వదలడం లేదు. ‘ఎప్పుడూ’ అన్న మాట క్రియ అవునంటే ‘ఎల్లప్పుడూ’ అవుతుంది, క్రియ కాదంటే ‘ఎన్నడూ’ అవుతుంది. అందుకని మాటల జాబితా బట్టీపట్టి వెతికితే సగం తప్పిపోతాయి, క్రియ దాకా చదవాలి.

దీనికంటే ప్రమాదకరమైనది ‘లోహాలన్నీ గది ఉష్ణోగ్రత వద్ద ఘనస్థితిలో ఉండవు’ లాంటి వాక్యం. దీన్ని రెండు రకాలుగా చదవవచ్చు. ఒక్క లోహం కూడా ఘనస్థితిలో ఉండదు అని చదివితే తప్పు. అన్నీ ఉండవు, ఉండనివి కూడా ఉన్నాయి అని చదివితే ఒప్పు, ఎందుకంటే పాదరసం సున్నాకు 39 డిగ్రీలు దిగువకు వెళితేగాని గడ్డకట్టదు. ప్రశ్న రాసినవారి మనసులో ఎక్కువగా రెండో అర్థమే ఉంటుంది, పాదరసం గుర్తుందా లేదా అని చూడడానికే ఇలాంటిది ఇస్తారు. కానీ ‘అన్నీ’ కనబడింది కదా అని చిట్కా ప్రకారం తప్పు పెట్టేస్తే మార్కు పోతుంది. ఇక్కడ ‘అన్నీ’తో పాటు వ్యతిరేక క్రియ ఉంది, అది సార్వత్రిక వాక్యాన్ని ఖండిస్తోంది. నిజం చెప్పాలంటే ఇలా రెండర్థాలు వచ్చే వాక్యం ప్రశ్నపత్రంలో పెట్టకూడదు. ‘గది ఉష్ణోగ్రత వద్ద ద్రవస్థితిలో ఉండే లోహం కూడా ఉంది’ అని సూటిగా రాయాలి. నేను రాసిన పత్రాల్లో ఒకసారి ఇదే పొరపాటు చేశాను. తెలివైన పిల్లలే ఎక్కువమంది తప్పు పెట్టారు. ఆ ప్రశ్నకు అందరికీ మార్కు ఇవ్వాల్సి వచ్చింది.

పరీక్ష హాల్లో ఏం చేయాలో ఒక వాక్యం మీద చేసి చూపిస్తాను. ‘వస్తువు వేగం సున్నా అయిన క్షణాన దాని త్వరణం ఎల్లప్పుడూ సున్నా.’ ఇది నిర్వచనం నుంచి వచ్చిందా అని ముందు అడుగు. త్వరణమంటే వేగం మారే రేటు, వేగం కాదు. కాబట్టి వేగం సున్నా అయినంత మాత్రాన త్వరణం సున్నా కావాలని నిర్వచనం చెప్పడం లేదు. ఇప్పుడు వాక్యాన్ని విరిచే ఒక్క సందర్భం కోసం వెతుకు. మామూలు సందర్భాల్లో దొరకదు. బల్ల మీద కదలకుండా ఉన్న పుస్తకానికి వేగమూ సున్నాయే, త్వరణమూ సున్నాయే, వాక్యం నిజంలాగే ఉంటుంది. అంచుల దగ్గరికి వెళ్ళాలి. చలనం దిశ మార్చుకునే చోటు ఒక అంచు. పైకి విసిరిన బంతి అన్నింటికంటే ఎత్తున ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణాన వేగం సున్నా. త్వరణం కూడా అప్పుడు సున్నాయే అయితే వేగం మారదు, బంతి గాలిలో అలాగే నిలిచిపోవాలి. కానీ కిందికి వస్తోంది. భూమి లాగే త్వరణం, సెకనుకు సెకనుకు 9.8 మీటర్లు, అక్కడ కూడా ఉంది. వాక్యం విరిగింది, తప్పు అని పెట్టు.

విరిచే సందర్భం పేరు చెప్పగలిగినప్పుడే తప్పు అని పెట్టు. ‘ఎల్లప్పుడూ’ ఉంది కాబట్టి ఎక్కడో ఏదో ఉండే ఉంటుందిలే అనిపించడం చాలదు. నిర్వచనమూ కాక, షరతుతో చెప్పిన నియమమూ కాక, నువ్వు వెతికినా ఉదాహరణ దొరకకపోతే, టైమ్ అయిపోతుంటే, అప్పుడు మీ అక్క చిట్కా వాడుకో. మిగిలిన చోట ఊహకంటే అది మెరుగే.

ఇవాళ రాత్రి ఈ రెండు వాక్యాలు నోట్సులో రాసుకుని జవాబు పెట్టి చూడు. ‘స్థిర వడితో కదిలే వస్తువుకు త్వరణం ఎల్లప్పుడూ సున్నా.’ ‘స్థిర వేగంతో కదిలే వస్తువుకు త్వరణం ఎల్లప్పుడూ సున్నా.’ ఒకటి ఒప్పు, ఒకటి తప్పు. దారానికి కట్టిన రాయిని తల చుట్టూ ఒకే ఉరవడితో తిప్పుతున్నట్టు ఊహించుకో. ఆ రాయికి వీటిలో ఏది స్థిరంగా ఉంది, ఏది క్షణక్షణం దిశ మారుతోంది అన్నది చూస్తే, ఏది ఏదో నువ్వే చెప్పగలవు.